చిన్నమ్మ కుడి చెవి

14 జూలై 2024, ఆదివారం, మొయినాబాద్

గుడిమల్కాపూర్ పూల మార్కెట్ ఏజెంటుతో ధర మాట్లాడే పని చిన్నమ్మ ఇప్పుడు చిన్నాయనకు ఒప్పజెప్పిందట. అమ్మ మాటవరసకు చెప్పిన ఈ సంగతి వినగానే చేవెళ్ల నుంచి బండి తీశాను. బంతిపూల ధరలో ఒక్క రూపాయి తగ్గనివ్వని మనిషి ఫోన్ పక్కన పెట్టిందంటే అది చెవి సంగతే అయి ఉండాలి.

అడిగితే ఒక్కొక్కటే బయటికొచ్చింది. మే నెలాఖర్లో ఎడమ చెవి దిమ్మెక్కినట్టు అయింది. లోపల ఎప్పుడూ మోటారు తిరిగినట్టు హోరు. గులిమి పట్టిందని ఎవరో చుక్కల మందు ఇచ్చారు. రెండు వారాలు వేసుకున్నా ఏమీ మారలేదు. జూన్ చివర్లో కుడి చెవి కూడా మొదలైంది. వారం పది రోజుల నుంచి పొద్దున మంచం దిగి నిలబడితే ఒక పక్కకు తూలుతోంది.

"ఎడమది పోతే పోయింది, కుడిది ఉందిలే అనుకున్న బిడ్డా. గిప్పుడు గిది గూడ సతాయిస్తుంది" అంది. నేను అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పే ముందు ప్రతిసారీ నా పెదాల వంక చూసింది. 48 ఏళ్ల మనిషి.

సంచిలో ఉన్న పరికరంతో చెవి లోపలికి చూశాను. రెండు కర్ణభేరులూ శుభ్రంగా, ముత్యపు రంగులో మెరుస్తున్నాయి. గులిమి లేదు, చీము లేదు, వెనకాల నీరు లేదు. 512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ తట్టి చెవి వెనక ఎముకకు ఆనించి, తర్వాత చెవి ముందుకు తెచ్చాను. రెండు వైపులా ముందుకు తెచ్చినప్పుడే ఎక్కువ వినబడుతోందంది. నుదుటి మధ్య పెడితే మోత కుడి వైపుకు పోతోందంది. అంటే అడ్డం బయటి చెవిలో లేదు, మధ్య చెవిలో లేదు. దెబ్బ లోపలి చెవికి తగిలింది. రెండిట్లో కుడిది ఇంకా కాస్త మెరుగు.

నాకు గుబులు పుట్టించింది ఈ వేగం. వయసుతో వచ్చే చెవుడు ఏళ్ల తరబడి జరుగుతుంది, మనిషికి తెలియకుండానే టీవీ సౌండ్ పెరుగుతూ పోతుంది. ఉన్నట్టుండి వచ్చే నరాల చెవుడు మూడు రోజుల్లోపే దెబ్బ కొడుతుంది, దాదాపు ఎప్పుడూ ఒక్క చెవికే. ఈ రెండిటికీ మధ్యలో, వారాల లెక్కన, రెండు చెవులనూ ఒకదాని వెనక ఒకటిగా తినేసే జబ్బు ఒకటుంది. చాలా అరుదు. రేపే క్లినిక్‌కు తీసుకెళ్లాలి.

15 జూలై, సోమవారం

సౌండ్‌ప్రూఫ్ గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశాను. నేను చదువుకునే రోజుల్లో, 2022లో, ప్రాక్టికల్ రికార్డు కోసం చిన్నమ్మకు తీసిన ఆడియోగ్రాం ఇంట్లో దొరికింది. అప్పుడు రెండు చెవులూ 20 డెసిబెల్ లోపే, అంటే పూర్తిగా మామూలు. ఇవాళ కుడి సగటు 40, ఎడమ 62. పాత గ్రాఫ్ పక్కన పెట్టి చూస్తే ఇది వయసు అని ఇక ఎవరూ అనలేరు.

డెసిబెల్ కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాటల పరీక్ష. బాగా వినబడేంత గట్టిగా 25 తెలుగు మాటలు ఒక్కొక్కటే వినిపిస్తాం, మనిషి తిరిగి చెప్పాలి. ఒక్కో మాటకు నాలుగు శాతం. కుడి చెవితో 19 మాటలు సరిగ్గా చెప్పింది, 76 శాతం. ఎడమ చెవితో 9 మాత్రమే, 36 శాతం. "కాలు" అంటే "పాలు" అంది, "చెట్టు" అంటే "పెట్టు" అంది. శబ్దం చేరుతోంది, మాట చేరడం లేదు. లోపలి చెవి పాడవుతుంటే సౌండ్ పెంచినా స్పష్టత రాదు, అందుకే ఈ జబ్బులో బాగుపడటాన్నీ పాడవటాన్నీ ముందుగా పట్టిచ్చేది మాటల లెక్కే.

18 జూలై, గురువారం

ఈఎన్‌టీ డాక్టరుగారు చూసే ముందు మళ్లీ పరీక్ష చేయమన్నారు. మూడు రోజుల్లో కుడి చెవి 40 నుంచి 48కి పడింది. మాటలు 19 నుంచి 16కి. మూడు మాటలే కదా అనిపిస్తుంది గానీ, మా లెక్కలో 12 శాతం తేడా అంటే అది పరీక్ష తప్పిదం కాదు, చెవి నిజంగా జారుతోందని అర్థం. మూడు నెలల్లోపు, రెండు చెవుల్లోనూ, ఇలా కొలతకు దొరికే పతనం. డాక్టరుగారు పేరు చెప్పేశారు: లోపలి చెవి ఆటోఇమ్యూన్ జబ్బు.

ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ లోపలి చెవిని పరాయిదనుకుని మీద పడుతుంది. ఒకప్పుడు లోపలి చెవికి ఈ గొడవలు అంటవని అనుకునేవారు, రక్తంలోని చాలా పదార్థాలను లోపలికి రానివ్వని అడ్డుగోడ ఉంది కాబట్టి. 1979లో అమెరికాలోని అయోవా యూనివర్సిటీలో బ్రయన్ మెకేబ్ అనే ఈఎన్‌టీ సర్జన్ 18 మంది రోగుల వివరాలు ప్రచురించాడు. అందరికీ వారాల్లో, నెలల్లో చెవుడు ముదిరింది. రోగనిరోధక శక్తిని అణిచే మందులిస్తే వినికిడి తిరిగొచ్చింది. నరాల చెవుడు అంటే ఇక తిరిగి రానిదే అని అప్పటిదాకా చెప్పుకున్న మాటకు ఇదొక మినహాయింపు. చెవుడు కేసులన్నిటిలో ఇది నూటికి ఒకటి కూడా ఉండదు. ఎక్కువగా నడివయసు ఆడవాళ్లలో కనబడుతుంది.

దీన్ని ఖాయంగా తేల్చే రక్తపరీక్ష ఏదీ లేదు. కాబట్టి ఇవాళ రాసిచ్చిన పరీక్షలన్నీ ఇంకో కారణం ఏదైనా ఉందేమో చూడటానికే. కాంట్రాస్ట్ ఇచ్చి ఎంఆర్ఐ, వినికిడి నరం మీద గడ్డ లేదని తేల్చుకోవడానికి. ఈఎస్ఆర్, ఏఎన్ఏ, రుమటాయిడ్ ఫ్యాక్టర్, ఏఎన్‌సీఏ, ఒంట్లో ఇంకెక్కడైనా ఇలాంటి జబ్బు ఉందేమో చూడటానికి. ఈ చెవి జబ్బు ఉన్న కొందరిలో కీళ్లవాతమో, లూపస్ లాంటిదో కలిసి ఉంటుంది. కంటి డాక్టరు దగ్గరికీ పంపారు. 1945లో డేవిడ్ కోగన్ రాసిన జబ్బు ఒకటుంది, కంటి నల్లగుడ్డు మీది పొర ఎర్రబారి మంట, దాంతోపాటు చెవుడు, తల తిరుగుడు. అదే అయితే మందు ఇంకా గట్టిగా వేయాలి.

జాబితాలో వీడీఆర్ఎల్ కూడా ఉంది. చిన్నాయన ల్యాబు కాగితం చూసి అదేం పరీక్ష అని అడిగాడు. సుఖవ్యాధికి అని చెబితే మొహం ముడుచుకుంది. చిన్నమ్మ నాతో ఏమీ అనలేదు, కాగితం మడిచి కొంగులో పెట్టుకుంది. నేను ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాను. సిఫిలిస్ అచ్చం ఇలాగే రెండు చెవులనూ పాడు చేయగలదు, ఏళ్ల క్రితం సోకినా ఇప్పుడు బయటపడగలదు, దానికి పెన్సిలిన్ ఉంది, చూడకుండా వదిలేస్తే ఆ మందు అందకుండా పోతుంది. ఇది ఎవరి మీదా అనుమానం కాదు, ఈ జబ్బు అనుమానం వచ్చిన ప్రతి ఒక్కరికీ చేస్తారు. "చెయ్యనీ, చెవి కన్నా ఎక్కువనా" అంది చివరికి చిన్నమ్మ.

20 జూలై, శనివారం

రిపోర్టులు వచ్చాయి. ఎంఆర్ఐలో గడ్డ లేదు. వీడీఆర్ఎల్ నెగటివ్. ఏఎన్ఏ నెగటివ్. ఈఎస్ఆర్ 38, కాస్త ఎక్కువ, అంతే. కళ్లు బాగున్నాయి. హెపటైటిస్-బి లేదు, ఛాతీ ఎక్స్‌రేలో టీబీ మచ్చలు లేవు. మూడు నెలల షుగర్ సగటు 6.1, అంటే షుగర్ అంచున ఉంది.

ఇవాళ పొద్దున టిఫిన్ తిన్నాక మొదటి మోతాదు. ప్రెడ్నిసొలోన్ 60 మిల్లీగ్రాములు, అంటే 20 మిల్లీగ్రాముల మాత్రలు మూడు, ఒక్కసారే. బరువులో కిలోకు ఒక మిల్లీగ్రాము, 60 దాటకుండా. చిన్నమ్మ బరువు 58. నాలుగు వారాలు ఇదే మోతాదు, తగ్గించేది లేదు.

స్టెరాయిడ్ అనే మాట వింటేనే అమ్మకు వణుకు. "సగం వేసి చూడరాదా" అని నన్ను పక్కకు పిలిచి అడిగింది. సగం వేస్తే వచ్చే నష్టం రెండు రకాలు. జబ్బుకు చాలదు, జారుడు ఆగదు. ఇంకోటి, నాలుగు వారాల తర్వాత చెవి బాగుపడకపోతే అది మందుకు లొంగని జబ్బో, మందు చాలకపోవడమో తెలియకుండా పోతుంది. ఖాయమైన రక్తపరీక్ష లేని చోట ఈ మందే పరీక్ష. పూర్తి మోతాదు పూర్తి నెల వేస్తేనే దాని జవాబు నమ్మదగ్గది. పదిమందిలో ఆరుగురికి దాకా మొదటి నెలలో ఎంతో కొంత తిరిగొస్తుంది. మిగతావాళ్లకు రాదు. ఈ మాట చిన్నమ్మకు దాచకుండా చెప్పాను, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి.

దీంతోపాటు పొట్టలో మంటకు మాత్ర, కాల్షియం, విటమిన్ డి. చెప్పులు లేకుండా పూల మడుల్లో తిరిగే మనిషని తెలిసి డాక్టరుగారు ఐవర్‌మెక్టిన్ కూడా వేశారు. మట్టిలోంచి పాదాల గుండా ఒంట్లోకి దూరే నులిపురుగు ఒకటి ఏళ్ల తరబడి నిద్రపోయి ఉంటుంది. స్టెరాయిడ్ పడ్డాక అదుపు తప్పి ఒళ్లంతా పాకితే ప్రాణం మీదికి వస్తుంది. మన ఊళ్లలో స్టెరాయిడ్ మొదలుపెట్టే ప్రతి రైతు విషయంలో ఇది గుర్తుండాలి.

26 జూలై

నిద్ర లేదట. రాత్రి రెండింటికి లేచి పెరడు ఊడ్చిందని చిన్నాయన ఫోన్. ఆకలి ఆగడం లేదట. మాత్రలు ఏడు గంటల లోపే వేయమన్నాను, ఆలస్యమైన కొద్దీ నిద్ర చెడుతుంది.

షుగర్ మిషన్ కొనిచ్చి పొద్దున పరగడుపున చూస్తున్నారు. 98, 101, 97. అంతా బాగుందని ధీమాగా ఉన్నారు. పొద్దున వేసుకున్న ప్రెడ్నిసొలోన్ షుగర్‌ను మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా పెంచుతుంది, తెల్లారేసరికి అది దిగిపోతుంది. పరగడుపున మాత్రమే చూస్తే ఎన్నటికీ దొరకదు. మధ్యాహ్నం అన్నం తిన్న రెండు గంటలకు చూడమన్నాను. 264. డాక్టరుగారితో మాట్లాడితే షుగర్ మాత్ర మొదలుపెట్టారు. అన్నం తగ్గించి జొన్నరొట్టె పెట్టుకోమన్నాను.

3 ఆగస్టు, శనివారం

రెండు వారాల ఆడియోగ్రాం. కుడి 37, మాటలు 20. ఎడమ 60, మాటలు 9, అక్కడే ఉంది. జారుడు ఆగింది. ఇంతవరకే చెప్పగలం.

మొహం గుండ్రంగా నిండింది. చూసినవాళ్లంతా ఒళ్లు చేసిందంటున్నారట, చిన్నమ్మకు అది నచ్చడం లేదు.

16 ఆగస్టు, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. పూలకు ధర పలికే రోజు. పొద్దున ఫోన్ మోగితే చిన్నాయన అనుకున్నా, చిన్నమ్మే. కుడి చెవికి పెట్టుకుని మాట్లాడింది. నేను ఏది అడిగినా మళ్లీ అడిగించుకోకుండా జవాబు చెప్పింది. ఫోన్లో పెదాలు కనబడవు కదా. నేను అంకెల కోసం రేపటిదాకా ఆగాలనుకున్నాను గానీ, ఫోన్ పెట్టేశాక కాసేపు ఏడ్చాను.

17 ఆగస్టు, శనివారం

నాలుగు వారాలు. కుడి చెవి 27 డెసిబెల్, 25లో 23 మాటలు, 92 శాతం. ఎడమ 48, మాటలు 14, 56 శాతం. రెండు చెవులూ మందుకు స్పందించాయి. జబ్బు పేరు ఇప్పుడు అనుమానం స్థాయి దాటింది.

ముందుగా పోయిన చెవి తక్కువ తిరిగొచ్చింది, తర్వాత పోయినది ఎక్కువ తిరిగొచ్చింది. ఇది యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. మంట ఉన్నంతకాలం చెవి పనిచేయకపోయినా కణాలు బతికే ఉంటాయి, మంట చల్లారితే తిరిగి పనిచేస్తాయి. మంట నెలల తరబడి ఉంటే కణాలు చచ్చిపోతాయి. వాటిని ఏ స్టెరాయిడూ తిరిగి పుట్టించదు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే వెంట్రుక కణాలు మనిషిలో మళ్లీ మొలవవు. ఎడమ చెవికి చుక్కల మందు పోస్తూ గడిచిన ఆ వారాలే ఈ తేడా అని అనిపిస్తోంది.

సోమవారం నుంచి తగ్గింపు. వారానికి పది మిల్లీగ్రాముల చొప్పున. "బాగైంది కదా, ఇగ బంద్ చేద్దాం" అన్నాడు చిన్నాయన. ఒక్కసారే ఆపకూడదు. రోజూ బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే మూత్రపిండాల మీద టోపీలా ఉండే అడ్రినల్ గ్రంథులు తాము చేసే స్టెరాయిడ్‌ను మానేస్తాయి. మాత్రలు హఠాత్తుగా ఆగితే బీపీ పడిపోయి, వాంతులై, మనిషి కుప్పకూలుతుంది. గ్రంథులు తేరుకోవడానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది.

1 సెప్టెంబర్, ఆదివారం

రెండు రోజులుగా విడవని వాన. మొయినాబాద్ పోలేదు. మోతాదు 40లో ఉంది, చెవి నిలకడగా ఉందని ఫోన్. తొడల్లో సత్తువ లేదట, పూల మడిలో గొంతుక్కూచుంటే పక్క మనిషి చెయ్యి అందించకపోతే లేవలేకపోతోందట. స్టెరాయిడ్ తొడ కండరాలను ముందుగా పట్టుకుంటుంది, మోతాదు తగ్గే కొద్దీ తిరిగొస్తుంది. నేను అడిగింది ఇంకోటి. గజ్జలో నొప్పి ఉందా, కాలు మోపితే తుంటి దగ్గర సలుపుతోందా అని. లేదంది. తుంటి దగ్గర తొడ ఎముక తలకు రక్తం ఆగి ఎముక చచ్చిపోయే ప్రమాదం ఈ మందుతో ఉంది. అలాంటి నొప్పి వస్తే కండరాల నొప్పి అనుకుని ఊరుకోకూడదు, ఎంఆర్ఐ తీయించాలి.

చిలుకూరు బాలాజీకి చెవి బాగైతే 108 ప్రదక్షిణలు మొక్కిందట. కాళ్లకు బలం వచ్చాక, జనం పల్చగా ఉన్న రోజు చూసి, మాస్కు పెట్టుకుని చేయమన్నాను. ఇప్పుడు ఆమెకు పక్కవాళ్ల జలుబు కూడా చిన్న సంగతి కాదు. దేవుడు ఆగుతాడు అంది.

14 సెప్టెంబర్, శనివారం

మోతాదు 20కి వచ్చిన వారం. గురువారం నుంచి ఎడమ చెవిలో హోరు పెరిగిందట. ఫోన్ రాగానే రమ్మన్నాను. ఎడమ 60, మాటలు 10. కుడి 30, మాటలు 22. ఎడమ చెవి వచ్చింది వచ్చినట్టే వెనక్కి పోయింది. కుడి చెవిలో ఒక్క మాట తేడా, అది లెక్కలోకి రాదు, కానీ నా కళ్లు దాని మీదే ఉన్నాయి.

తగ్గించేటప్పుడే ఈ జబ్బు అసలు రూపం కనబడుతుంది. మొదటి నెల విజయం చాలామందికి దొరుకుతుంది, దాన్ని తక్కువ మోతాదులో నిలబెట్టుకోవడమే కష్టం. హోరు పెరగడం, చెవి నిండినట్టు ఉండటం ఆడియోగ్రాం కంటే ముందు వస్తాయి. చిన్నమ్మ ఆ రెండూ గుర్తుపట్టి రెండో రోజే ఫోన్ చేయడం వల్ల కుడి చెవి జారకముందే దొరికింది.

16 సెప్టెంబర్, సోమవారం

మోతాదు 30కి పెంచారు. ఈసారి రెండు వారాలకు ఒకసారి ఐదు చొప్పున తగ్గింపు, 15 దాటాక రెండున్నర చొప్పున. ఎడమ చెవికి కర్ణభేరి గుండా ఇంజెక్షన్ కూడా. ఒంటికంతా మందు పెంచకుండా ఒక చెవికే ఎక్కువ అందించే దారి ఇది.

నేను పక్కనే నిలబడి చూశాను. డెక్సామెథాసోన్ ఉన్న చిన్న సీసాను నర్సు కాసేపు గుప్పిట్లో పెట్టుకుంది. మందు ఒంటి వేడికి రాకపోతే లోపలి చెవి చల్లబడి మనిషికి గది గిర్రున తిరుగుతుంది. చిన్నమ్మను వెల్లకిలా పడుకోబెట్టి తల కుడి పక్కకు తిప్పారు, ఎడమ చెవి పైకి వచ్చేలా. కర్ణభేరి మీద తిమ్మిరి మందు వేసి, మైక్రోస్కోపులో చూస్తూ, వెన్నుకు మత్తిచ్చే సన్నని పొడుగు సూదితో అర మిల్లీలీటరు లోపే లోపలికి వదిలారు. మధ్య చెవి మందుతో నిండుతుంటే కర్ణభేరి వెనక నీటి గీత పైకి లేవడం తెరమీద కనబడింది. "సల్లగ కాదు, వెచ్చగనే ఉంది" అంది.

ఆ తర్వాత అరగంట కదలకూడదు, మాట్లాడకూడదు, గుటక కూడా వేయకూడదు. గుటక వేస్తే చెవి నుంచి గొంతులోకి పోయే గొట్టం తెరుచుకుని మందు జారిపోతుంది. అది మధ్య చెవిలో నిలబడితేనే గుండ్రని కిటికీ అనే పల్చని పొర గుండా లోపలి చెవిలోకి ఊరుతుంది. ఉమ్మి పక్కకు వదలడానికి గుడ్డ పెట్టాం. అరగంటా చిన్నమ్మ నా వేళ్లు పట్టుకుని పైకప్పు చూస్తూ పడుకుంది. వారానికోసారి ఇలా మరికొన్ని.

5 అక్టోబర్, శనివారం

ఎడమ 53, మాటలు 12. కొంత తిరిగొచ్చింది, ఆగస్టు నాటి చోటికి రాలేదు. కుడి 28, మాటలు 23. కర్ణభేరి మీది సూది రంధ్రం పూడింది. ఎడమ చెవికి మిషన్ అమర్చాను. మాటల స్పష్టత సగం దగ్గర ఉన్న చెవికి మిషన్ పెద్ద సాయం చేయదు, కానీ ఎడమ పక్కన ఎవరో పిలుస్తున్నారని తెలుస్తుంది.

10 అక్టోబర్, గురువారం

సద్దుల బతుకమ్మ. చిన్నమ్మ బంతులు, గునుగు, తంగేడు తెచ్చి పేర్చింది. ఆటలో చేరింది గానీ పాట అందుకోలేకపోయింది. ఒక్క చెవి బాగున్న మనిషికి గుంపులో మోత నుంచి మాటను విడదీయడం చాలా కష్టం, నిశ్శబ్దం గదిలో 92 శాతం వచ్చిన చెవి కూడా అక్కడ ఓడిపోతుంది. చప్పట్ల తాళం చూస్తూ అడుగు వేసింది. మా అమ్మ ఆమెకు కుడి పక్కన నిలబడి ప్రతి పాట మొదటి మాట చెవిలో చెప్పింది.

12 నవంబర్

రుమటాలజిస్టు దగ్గరికి వెళ్లాం. ప్రెడ్నిసొలోన్‌ను తగ్గించుకోవడానికి ఇంకో మందు తోడు వేయాలా అన్నది ప్రశ్న. మెథోట్రెక్సేట్ మీద చాలా ఆశలుండేవి. 2003లో జెఫ్రీ హారిస్ బృందం జామా పత్రికలో ప్రచురించిన ట్రయల్‌లో, స్టెరాయిడ్‌తో బాగుపడ్డవాళ్లకు తర్వాత మెథోట్రెక్సేట్ ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మాత్రకన్నా అది వినికిడిని ఎక్కువ నిలబెట్టలేదు. ఎటానర్సెప్ట్ అనే ఖరీదైన ఇంజెక్షన్‌కూ అదే గతి పట్టింది. స్టెరాయిడ్‌కు లొంగనివాళ్లలో అనకిన్రా అనే మందు కొందరికి పనిచేసిందని 2014లో ఒక చిన్న అధ్యయనం వచ్చింది, పదిమంది మీద. అంత చిన్న లెక్క మీద ఆధారపడి చిన్నమ్మకు ఏదీ చెప్పలేను.

డాక్టరుగారు సూటిగా చెప్పారు. కుడి చెవి ఏ మోతాదులో నిలబడుతుందో ఆ అతి తక్కువ మోతాదు కనుక్కుందాం. అది 10 లేదా అంతకన్నా తక్కువైతే అక్కడే ఆగుదాం. ఎక్కువ కావాల్సి వస్తే అప్పుడు తోడు మందు చూద్దాం, చిన్న ఆశతోనే అయినా. మొదట స్పందించినవాళ్లలో కూడా ఏళ్లు గడిచే కొద్దీ స్టెరాయిడ్ పనిచేయడం తగ్గుతుందని కూడా చెప్పారు. చిన్నమ్మ ఇదంతా కుడి చెవితో విని, రెండూ పోతే ఏం చేస్తారని అడిగింది.

కాక్లియర్ ఇంప్లాంట్. ఈ జబ్బులో పోయేది లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే భాగం, నరం సాధారణంగా మిగిలే ఉంటుంది. అందుకే ఇంప్లాంట్ ఈ రోగులకు బాగా పనిచేస్తుంది. లోపల మంట ఎక్కువకాలం ఉంటే ఎముక పెరిగి దారి మూసుకుపోయే ప్రమాదం ఉంది కాబట్టి ఆలస్యం చేయకూడదు. ఖర్చు లక్షల్లో. పథకాలు ప్రధానంగా చిన్నపిల్లల కోసం ఉన్నాయి, పెద్దవాళ్లు చాలావరకు సొంతంగా భరించాలి. చిన్నాయన ఆ రాత్రి అర ఎకరం సంగతి ఎత్తాడట. ఇప్పుడే వద్దని గట్టిగా చెప్పాను, ఆ అవసరం ఇంకా రాలేదు.

3 డిసెంబర్

నిన్న ఆలూరు దగ్గర బీజాపూర్ రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకునేవాళ్ల మీదికి లారీ దూసుకొచ్చింది. ప్రాణాలు పోయాయి. చేవెళ్ల అంతా అదే మాట. నాకు రాత్రంతా చిన్నమ్మే గుర్తొచ్చింది. రెండు చెవులూ సమంగా వింటేనే శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో మెదడు లెక్కగడుతుంది. ఆమెకు హారన్ వినబడుతుంది, ఎటు నుంచో తెలియదు. అన్నీ కుడి పక్క నుంచే వస్తున్నట్టు ఉంటుందట. చిన్నాయనతో మాట్లాడి, రోడ్డు దాటడం, పూల బుట్టలు బస్సెక్కించడం ఇక ఆమె ఒక్కతే చేయకూడదని ఒప్పించాను. ఆమెకు కోపం వచ్చింది. రానీ.

8 డిసెంబర్, ఆదివారం, మొయినాబాద్

నిన్నటి పరీక్ష: కుడి 28, మాటలు 23. ఎడమ 55, మాటలు 12. మోతాదు 10 మిల్లీగ్రాములు. మధ్యాహ్నం షుగర్ 150 లోపే ఉంది, మాత్ర సగానికి తగ్గించారు. తొడల్లో బలం తిరిగొస్తోంది, గోడ పట్టుకోకుండా లేస్తోంది. ఎముకల సాంద్రత పరీక్షకు వచ్చే నెల రాసిచ్చారు.

రేపటి నుంచి ఏడున్నర. పది దాటి కిందికి దిగడం ఇదే మొదటిసారి కాబట్టి చిన్నాయనకు కాగితం మీద రాసిచ్చి ఫ్రిజ్ మీద అంటించాను. హోరు పెరిగినా, కుడి చెవి నిండినట్టు ఉన్నా, ఫోన్లో ఒక మాట రెండుసార్లు అడగాల్సి వచ్చినా అదే రోజు నాకు చెప్పాలి. మాత్రలు అయిపోయేదాకా ఆగకుండా వారం ముందే కొనిపెట్టాలి. జ్వరం, వాంతులు వచ్చి మాత్ర కడుపులో నిలవకపోతే ఇంట్లో ఉండకూడదు, ఆసుపత్రికి వెళ్లి స్టెరాయిడ్ వాడుతున్న సంగతి ముందుగా చెప్పాలి. పర్సులో పెట్టుకోవడానికి అదే ముక్క చిన్న అట్ట మీద కూడా రాశాను.

చిన్నమ్మ ఆ అట్ట చదివి, కింద తన చేత్తో ఇంకో వాక్యం రాసింది: కుడి పక్కన నిలబడి మాట్లాడండి.

వచ్చే పరీక్ష 21న.